‘ఇంతకీ ఏమైంది?’ అని అడిగించుకోకుండా కథ చెప్పడం ఎలా

ఇక్కడ కథ అంటే పురాణం కాదు, పత్రికలో అచ్చయ్యే కథా కాదు. టీ అంగడి దగ్గరో, బస్సులో పక్క సీటాయనతోనో, పెళ్ళిలో రెండో పంక్తి కోసం నిలబడ్డప్పుడో ‘మొన్న ఏం జరిగిందంటే’ అని మొదలుపెడతాం చూడండి, అది. దీనికి గొంతు బాగుండక్కర్లేదు, నటన రానక్కర్లేదు. ఏది ముందు చెప్పాలో, ఏది వదిలెయ్యాలో, ఎక్కడ ఆగాలో తెలిస్తే చాలు.

చెప్పడం కుదరలేదని ఎదుటివాళ్ళ మాటల్లోనే తెలిసిపోతుంది. మధ్యలోనే ‘ఇంతకీ ఏమైంది?’ అన్నారంటే మీరు అసలు సంగతికి రావడం ఆలస్యమైంది. అంతా విని ‘అయితే?’ అన్నారంటే సంగతి చెప్పారు గానీ అది ఎందుకు చెప్పారో వాళ్ళకు అందలేదు. ఏమీ అనకుండా ఫోన్ తీసుకుని చూసుకుంటున్నారంటే మీ కథలో వాళ్ళకు పనేమీ లేదు. ఈ మూడింటికీ మందులు వేరు. ఒకే కథ తీసుకుని మూడూ చూద్దాం.

కథ మా చిన్నాన్నది. ఆయన ఉండేది చిత్తూరులో, కూతురు ఉండేది తిరుపతిలో. ఆయన మొదటిసారి చెప్పినప్పుడు ఇలా చెప్పాడు:

“మొన్న మంగళవారం... కాదు కాదు, బుధవారం. మంగళవారం కరెంటోళ్ళు వచ్చినారు గదా, ఆ రోజు నేను ఇంట్లోనే ఉంటిని. బుధవారం పొద్దున్నే మీ చిన్నమ్మ ‘అమ్మాయికి ఊరగాయ ఇచ్చి రాపో’ అనింది. సరేలే అని స్నానం చేసి, రెండు ఇడ్లీ తిని ఆటో కోసం నిలబడితే ఒక్క ఆటో రాలా. చివరికి మన పాలాయన బండి మీద బస్టాండుకు పోతిని. ఆ పాలాయన ఉండాడే, వాళ్ళ అల్లుడు పలమనేరులో సెల్ ఫోన్ల షాపు పెట్టినాడంట, భలే జరగతా ఉందంట. ఊ, బస్సెక్కితి. ఒకటే రష్షు. పూతలపట్టు దాటినాక సీటు దొరికింది. చంద్రగిరి దగ్గర మళ్ళా ట్రాఫిక్కు...”

ఇంతవరకు వచ్చేసరికి మా తమ్ముడు లేచి నీళ్ళు తాగడానికి పోయాడు. తీరా చూస్తే ఆ కథ చివర మంచి తమాషా ఉంది. అది చెప్పే సమయానికి వినేవాళ్ళు మిగల్లేదు, అంతే.

1. నోరు తెరిచే ముందు చివరి మాట ఖాయం చేసుకోండి

జరిగింది మొత్తం చెప్పాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఏ మాట దగ్గర ఆపాలో తెలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో అదే చెబుతుంది. అందుకని కథను వెనక నుంచి కట్టుకోవాలి.

చిన్నాన్నకు జరిగింది ఇదీ. ఊరగాయ జాడీని బట్టల షాపు వాళ్ళిచ్చే ఎర్ర సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. సంచి పైన పెట్టాడు. తిరుపతిలో దిగేటప్పుడు ఎర్ర సంచి కనిపిస్తే తీసుకుని దిగిపోయాడు. కూతురింట్లో తెరిస్తే అందులో ఊరగాయ లేదు, కట్టలు కట్టలుగా శుభలేఖలు. అదే షాపు సంచి ఇంకొకాయనది కూడా పైనే ఉందన్నమాట. శుభలేఖ మీద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే పెళ్ళికూతురి తండ్రి పలికాడు. బస్టాండులో కలుసుకుని సంచులు మార్చుకున్నారు. ఆయన ఒక శుభలేఖ తీసి, చిన్నాన్న పేరు అడిగి రాసి, చేతిలో పెట్టి పెళ్ళికి రమ్మన్నాడు.

ఇందులో చిన్నాన్నకు నవ్వొచ్చిన చోటు ఏది? నేను అదే అడిగాను. “ఎవరైనా ఇంటికొచ్చి పిలిస్తే పెళ్ళికి పోతారు. నేను ఫోన్ చేసి మరీ పిలిపించుకున్నా గదరా” అన్నాడు. అదీ చివరి మాట. ఆయన దగ్గర అది ముందు నుంచే ఉంది, కరెంటోళ్ళ కిందా పాలాయన కిందా పడి కనిపించలేదు.

మీ కథకు అలాంటి మాట దొరకడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. ‘అనుకున్నది ఒకటి, అయింది ఇంకొకటి’ అని చెప్పగలిగిన చోటు వెతకండి. ఊరగాయ ఉంటుందనుకున్నాడు, శుభలేఖలు ఉన్నాయి. తిడతాడనుకున్నాడు, పెళ్ళికి పిలిచాడు. ఇలాంటి మలుపు ఒక్కటీ దొరకలేదంటే అది ఇంకా కథ కాలేదు, వార్త. ‘అమ్మాయికి ఊరగాయ ఇచ్చొచ్చా, బస్సు రష్షుగా ఉండింది’ అన్నది వార్త. వార్తను ఒక్క వాక్యంలో చెప్పేసి ఊరుకోవచ్చు, తప్పేం లేదు. వార్తను కథలా సాగదీస్తేనే జనం పారిపోయేది.

ఒకే సంఘటనకు ఒకే చివరి మాట ఉండాలని లేదు. ఇదే సంగతిని చిన్నమ్మ గుళ్ళో తోటివాళ్ళకు ఇంకోలా చెప్పింది. ఆ పెళ్ళివాళ్ళు మొదటి శుభలేఖ స్వామి పాదాల దగ్గర పెట్టాలని కొండకు తీసుకుపోతున్నారు. అలాంటి కట్టను ఈయన ఊరగాయ సంచి అనుకుని భుజాన వేసుకుని పోయాడు. చిన్నమ్మ కథ ‘స్వామి దగ్గరికి పోవాల్సింది మా అమ్మాయి వంటింట్లో కూర్చుంది, నాకు కాళ్ళూ చేతులూ ఆడలా’ దగ్గర ఆగుతుంది. ఆమె కథలో కొండ తప్పక ఉండాలి, పెళ్ళి పిలుపు లేకపోయినా ఫర్వాలేదు. చిన్నాన్న కథలో పెళ్ళి పిలుపు ఉండాలి, కొండ లేకపోయినా నడుస్తుంది. ఏ వివరం ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది ముందే చెప్పలేం అనడానికి కారణం ఇదే. చివరి మాట ఖాయమైతే గానీ వివరాలు ఏరడం కుదరదు.

2. ఒక్క వాక్యంతో చోటు అడగండి

మామూలు మాటల్లో ఒకరు ఒక మాట అంటే ఇంకొకరు ఒక మాట అంటారు. కథ చెప్పాలంటే మీకు వరసగా పది పదిహేను వాక్యాలు కావాలి. అంటే అంతసేపు ఎదుటివాళ్ళు తమ వంతు వదులుకోవాలి. అమెరికాలో హార్వీ సాక్స్ అనే ఆయన 1960లలో జనం మామూలుగా మాట్లాడుకునే మాటల రికార్డులు విని, వాటి మీద విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. కథ చెప్పబోయేవాళ్ళు ముందు ఒక చిన్న మాట వేసి వినేవాళ్ళ సమ్మతి తీసుకుంటారని ఆయన గమనించాడు. మనమూ అదే చేస్తాం. ‘బస్సులో ఒక తమాషా జరిగింది తెలుసా’ అంటాం, అవతలివాళ్ళు ‘ఏందది?’ అంటారు. ఆ ‘ఏందది’ వచ్చాకే చోటు మీది.

ఆ ఒక్క వాక్యం ఇంకో పని కూడా చేస్తుంది. వినబోయేది నవ్వు సంగతా, బాధ సంగతా, కోపం సంగతా అని ముందే చెబుతుంది. తమాషా అని చెబితే వాళ్ళు నవ్వే చోటు కోసం చూస్తూ వింటారు, అది రాగానే కథ అయిపోయిందని వాళ్ళకే తెలుస్తుంది. ఏ రకమో చెప్పకుండా మొదలుపెడితే, ఊరగాయ పోయిందనగానే కొందరు ‘అయ్యో పాపం’ అంటారు. అక్కడి నుంచి వాళ్ళను నవ్వు వైపు తిప్పడం కష్టం.

గొప్పలు మాత్రం పోవద్దు. ‘వింటే నవ్వి నవ్వి చస్తావు’ అంటే వినేవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటారు, సరే నవ్వించు చూద్దాం అన్నట్టు. చివరి మాటను కూడా ఇక్కడే బయటపెట్టకండి. ‘తెలియనివాళ్ళ పెళ్ళికి పోతున్నా’ అని మొదటే అనేస్తే ఇంక తెరవడానికి సంచిలో ఏమీ ఉండదు. చిన్నాన్నకు సరిపోయిన వాక్యం ‘బస్సులో సంచి మారిపోయి ఒక తమాషా అయింది’. సంచి మారిందని ముందే తెలిసినా, దాంట్లో ఏముందో తెలియదు కదా, అదే లాగుతుంది.

చోటు అడిగినప్పుడు ‘ఏందది’ రాకుండా ‘అవునా’ అని వాళ్ళ మాటలో వాళ్ళు పడిపోతే వదిలెయ్యండి. గోవిందరాజస్వామి గుడి దగ్గర కూరగాయలు బేరమాడుతున్న మనిషికి కథ చెప్పలేం. ఇంకో పూట చెప్పొచ్చు.

3. రంగం రెండు వాక్యాల్లో ముగించండి

ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నప్పుడు. ఇవి కావాలి. కానీ ఎంత కావాలి? దీనికి పరీక్ష ఒకటే: ఈ వివరం తీసేస్తే చివరి మాట నిలబడుతుందా?

బుధవారమా మంగళవారమా? తీసేస్తే ఏమీ కాదు. తీసెయ్యండి. అందరికన్నా ఎక్కువ కథలను చంపేది ఈ రోజు లెక్కే. గుర్తుచేసుకోవడం మీ పని, దాన్ని వినేవాళ్ళ ముందు చెయ్యకూడదు. ‘ఒకరోజు’ అంటే సరిపోతుంది. పాలాయన? ఆయన కథలో మళ్ళీ రాడు. మళ్ళీ రాని మనిషిని అసలు తీసుకురావద్దు, ముఖ్యంగా ఆయన అల్లుణ్ణి. పూతలపట్టు, చంద్రగిరి? చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే దారి మనకు తెలిసిందే కాబట్టి ఊళ్ళ పేర్లు చెబితే కళ్ళకు కట్టినట్టుంటుందని అనిపిస్తుంది. కానీ ఈ కథలో పూతలపట్టులో ఏమీ జరగలేదు. ఏదో ఒకటి జరగని ఊరి పేరు చెబితే వినేవాళ్ళు అక్కడ దిగిపోతారు.

పేర్ల విషయంలోనూ ఇంతే. వినేవాళ్ళకు తెలియని మనిషి పేరు చెప్పడం వల్ల లాభం లేదు. ఆ మనిషి కథలో ఎవరో అది చెప్పండి: పెళ్ళికూతురి నాయన, కండక్టరు, పక్క సీటామె. పేరు చెప్పగానే ‘ఎవరు, పాకాల దగ్గర వాళ్ళ ఇల్లు ఉంటుందే, వాళ్ళా?’ అని ఇంకో మాట మొదలవుతుంది, మన జిల్లాలో ఇది తప్పదు. బంధుత్వం తవ్వడం మొదలైతే అరగంట పోయినట్టే.

అయితే అన్నీ కోసెయ్యమని కాదు. ఒక వివరం మాత్రం దగ్గర నుంచి చూపించాలి, అది కూడా తర్వాత పనికొచ్చేది. ఇక్కడ అది సంచి. ‘సంచి’ అని ఊరికే అంటే మారిపోయిందన్నప్పుడు వినేవాళ్ళకు నమ్మకం కుదరదు, చూసుకోవద్దా ఈయన అనిపిస్తుంది. ‘బట్టల షాపోళ్ళు ఇస్తారే, పొడుగు చెవులు ఉండే ఎర్ర సంచి’ అనగానే ప్రతి ఒక్కరికీ వాళ్ళింట్లో తలుపు వెనక వేలాడే సంచి గుర్తొస్తుంది. అది ఎలా మారిపోతుందో మీరు వివరించే పని లేకుండా పోయింది. దీన్ని మొదట్లోనే చెప్పాలి. మలుపు దగ్గరికి వచ్చాక ‘ఆ, చెప్పడం మర్చిపోయా, నా సంచి కూడా అదే షాపుది’ అంటే కథ వెనక్కి నడుస్తుంది. ఇలా ‘చెప్పడం మర్చిపోయా’ అనే మాట రెండుసార్లు వచ్చిందంటే మీరు కథను వెనక నుంచి కట్టుకోలేదని గుర్తు.

4. మలుపుకు ఒక్క అడుగు ముందు నుంచి మొదలుపెట్టి, మలుపు దగ్గర నెమ్మదించండి

చిన్నాన్న నిద్ర లేవడం దగ్గర మొదలుపెట్టాడు. మొదలుపెట్టాల్సింది సంచి పైన పెట్టడం దగ్గర. అక్కడి నుంచి దిగడం వరకు ఒక వాక్యం, దిగి ఇంటికి పోవడం ఒక వాక్యం. జరగడానికి దాదాపు రెండు గంటలు పట్టింది కదా అని చెప్పడానికి కూడా దాని వంతు ఇవ్వాల్సిన పని లేదు. సంచి తెరవడం అరనిమిషం కూడా పట్టలేదు. కానీ చెప్పేటప్పుడు అక్కడే ఎక్కువసేపు ఉండాలి.

ఎలా ఉండాలి అన్నదే ఇందులో నేర్చుకోవాల్సిన అసలు పని. చాలామంది అక్కడికి రాగానే ‘నాకు ఎంత షాకో చెప్పలేను, భలే టెన్షన్ అయిపోయిందనుకో’ అంటారు. మీకు టెన్షన్ అయిందని వాళ్ళకు తెలిసింది, వాళ్ళకు మాత్రం కాలేదు. మీకు ఏం కనిపించిందో చెప్పండి, మీరేం చేశారో చెప్పండి. ‘తీరా తెరిస్తే ఊరగాయ లేదు. అన్నీ శుభలేఖలు. మూలమూలకీ పసుపు పూసి ఉండాది.’ పసుపు అనగానే అవి పంచడానికి సిద్ధంగా ఉన్నాయని, ఆ ఇంట్లో పెళ్ళి దగ్గర పడిందని, వాటికోసం ఎవరో వెతుక్కుంటూ ఉంటారని వినేవాళ్ళే లెక్క కట్టుకుంటారు. షాక్ అనే మాట లేకుండానే షాక్ తగులుతుంది.

విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త న్యూయార్క్‌లో మామూలు జనాన్ని ‘ఎప్పుడైనా ప్రాణం పోతుందనిపించిన సందర్భం ఉందా’ అని అడిగి, వాళ్ళు చెప్పిన కథలు రికార్డు చేశాడు. 1967లో జాషువా వలెట్స్కీతో కలిసి వాటి మీద ఒక వ్యాసం రాశాడు. బాగా చెప్పేవాళ్ళు మలుపు రాబోయే ముందు జరుగుతున్నదాన్ని కాస్త ఆపి, అది ఎందుకంత పెద్ద విషయమో వినేవాళ్ళకు తగిలేలా చేస్తారని అందులో ఉంది. ‘అయితే ఏంటి?’ అని ఎవరూ అడగలేని కథే మంచి కథ అని ఆయన తర్వాత కూడా రాశాడు. మన నోటికి ఇది కొత్తేమీ కాదు. ‘తీరా చూస్తే’ అని ఒక్క క్షణం ఆగుతాం చూడండి, ఆ ఆపడం అదే పని చేస్తుంది.

మాటలను మాటలుగానే చెప్పండి, కానీ అన్నిటినీ కాదు. మలుపు దగ్గరి మాటలు మాత్రమే. చిన్నమ్మ ‘ఊరగాయ ఇచ్చి రాపో’ అన్నది, కండక్టరు ‘లోపలికి జరగండి’ అన్నది మనకు అక్కర్లేదు. ఫోన్‌లో ఆ పెళ్ళికూతురి తండ్రి అన్నది కావాలి: “స్వామీ, మీ ఊరగాయ నా దగ్గరుంది. మూత సరిగ్గా పెట్టలేదు మీరు.” ఈ ఒక్క మాటతో ఆ మనిషి ఎలాంటివాడో తెలిసిపోయింది. ‘ఆయన చాలా మంచివాడు, కోపం తెచ్చుకోలేదు, హాస్యంగా మాట్లాడాడు’ అని మూడు వాక్యాలు చెప్పినా అంత తెలియదు. ‘ఆయన ఏమన్నాడంటే, నేను ఏమన్నానంటే, మళ్ళీ ఆయన’ అని ఫోన్ సంభాషణ మొత్తం చెబితే మాత్రం ఈ మాట కూడా వాటిలో కలిసిపోతుంది.

5. వినేవాళ్ళకు ఒక పని ఇవ్వండి

కథలోకి మనిషిని పిలవడానికి అందరూ చేసే పని ‘వింటున్నావా?’, ‘అర్థమైందా?’ అని అడగడం. అది పిలవడం కాదు, హాజరు తీసుకోవడం. ఊ కొట్టించుకోవచ్చు గానీ లోపలికి రప్పించలేం.

మలుపు అయ్యాక, దాన్ని మీరెలా విప్పారో చెప్పే ముందు ఒక ఖాళీ వదలండి. చిన్నాన్న ఇప్పుడు శుభలేఖల దగ్గర ఆగి ‘నువ్వైతే ఏం చేస్తావు?’ అంటాడు. ఒకరు ‘బస్టాండులో ఎంక్వైరీలో ఇచ్చేస్తా’ అంటారు. ఇంకొకరు ‘డిపోకు ఫోన్ చేస్తా’ అంటారు. మా తమ్ముడు, అదే నీళ్ళు తాగడానికి పోయినవాడు, రెండోసారి విన్నప్పుడు ‘ఒరే, శుభలేఖ మీద నంబరు ఉంటాది గదా!’ అని ఎగిరి గంతేశాడు. ముందొకసారి సగం విన్న కథే. తనే కనిపెట్టినట్టు సంతోషపడ్డాడు. ‘ఆ, అదే చేస్తి’ అని చిన్నాన్న అందుకున్నాడు. అక్కడి నుంచి ఆ కథలో మా తమ్ముడికీ వాటా ఉంది, చివరివరకు కదల్లేదు.

ఇలాంటి ప్రశ్న కథకు ఒక్కటి చాలు. రెండు అడిగితే క్విజ్ అవుతుంది. అది కూడా వినేవాళ్ళ చేతికి అందే ప్రశ్న కావాలి. ‘సంచిలో ఏముందో చెప్పు చూద్దాం’ అంటే ఎవరూ చెప్పలేరు, నాలుగు తప్పులు చెప్పి విసుక్కుంటారు. జవాబుకు కావాల్సిన వస్తువు, ఇక్కడ శుభలేఖ, వాళ్ళ చేతిలో పెట్టాకే అడగాలి. వాళ్ళు వేరే జవాబు చెబితే ‘కాదు’ అనకండి. ‘అట్లా కూడా అనుకుంటి, కానీ’ అని మీ దారికి తెచ్చుకోండి.

ఇంకో సంగతి. వినేవాళ్ళ ఊ ఒకే రకంగా ఉండదు, చెవి పెడితే తేడా తెలుస్తుంది. కాస్త ఆలస్యంగా, సాగదీసినట్టు ‘ఊఁ...’ అంటే వాళ్ళు సన్నివేశంలో ఉన్నారు. మీ వాక్యం ముగియకముందే ‘ఊ ఊ’ అని గబగబా వస్తే తొందర పెడుతున్నారు. అప్పుడు మధ్యలో ఉన్నది వదిలేసి నేరుగా ‘తీరా తెరిస్తే’కు దూకండి. వదిలేసినదాని గురించి ఎవరూ అడగరు. నిజంగా కావాల్సినదైతే వాళ్ళే అడుగుతారు, అడిగినప్పుడు చెబితే ఇంకా రుచి.

మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తే, ‘ఊరగాయ ఏ కాయది?’ అన్నారనుకోండి, ‘చెబుతా ఆగు’ అనొద్దు. ‘మామిడికాయ’ అని ఒక్క మాటలో చెప్పి సాగిపోండి. ప్రశ్న వేసినవాళ్ళు లోపలే ఉన్నారని గుర్తు.

6. చివరి మాట అన్నాక నోరు మూసుకోండి

ఇది చదవడానికి సులువు, చెయ్యడానికి అన్నిటికన్నా కష్టం. ‘నేను ఫోన్ చేసి మరీ పిలిపించుకున్నా’ అన్నాక నవ్వు రావడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణంలో భయమేసి ‘అంటే మామూలుగా వాళ్ళు కదా మనల్ని పిలవాల్సింది’ అని వివరిస్తాం. వివరించిన నవ్వు చల్లారిన అన్నం లాంటిది. ‘అదీ సంగతి, కాబట్టి బస్సులో సంచులు చూసి తీసుకోవాలి’ అని నీతి చెబితే అంతకన్నా నష్టం, తమాషా అని పిలిచి పాఠం చెప్పినట్టు.

నవ్వు రాకపోతే? ఊరుకోండి. మళ్ళీ ఇంకో మాటతో చెప్పి నవ్వించబోకండి. ‘సరే, నీ ప్రయాణం ఎట్లా అయింది?’ అని మాట వాళ్ళకిచ్చెయ్యండి.

బాగా కుదిరిందంటే ఎలా తెలుస్తుంది? మెచ్చుకోవడం వల్ల కాదు. వెంటనే ఎవరో ‘మాకూ ఒకసారి రేణిగుంట స్టేషన్లో ఇట్లనే’ అని అందుకుంటారు. సాక్స్ ఇదీ గమనించాడు. ఒక కథ విన్నవాళ్ళు అలాంటిదే తమ కథ చెబుతారు, మీ కథలో ఏం ముఖ్యమని తమకు అర్థమైందో ఆ రెండో కథలో చూపిస్తారు. మీరు తెలియనివాళ్ళు దగ్గరవడం గురించి చెబితే వాళ్ళు రైల్లో చెప్పులు పోవడం గురించి చెప్పారనుకోండి, మీ కథ వాళ్ళకు వస్తువు పోవడం గురించిన కథగా అందిందన్నమాట. ఈసారి చెప్పేటప్పుడు పోయినదాని మీద మాటలు తగ్గించి, ఫోన్ మీద పెంచండి. వాళ్ళ కథ నడుస్తుండగా ‘అదేముంది, మాకైతే’ అని మళ్ళీ మీదే మొదలుపెట్టకండి. ఇప్పుడు ఊ కొట్టడం మీ వంతు.

అన్నీ కలిపితే

ఇప్పుడు చిన్నాన్న చెప్పేది ఇలా ఉంటుంది:

“బస్సులో సంచి మారిపోయి ఒక తమాషా అయింది తెలుసునా?”

“ఏందది?”

“అమ్మాయికి మామిడి ఊరగాయ తీసుకొని పోతా ఉంటి. బట్టల షాపోళ్ళు ఇస్తారే, పొడుగు చెవుల ఎర్ర సంచి, దాంట్లో జాడీ పెట్టి, బస్సులో పైన పెడితి. తిరుపతిలో ఎర్ర సంచి తీసుకొని దిగితి. అమ్మాయి వాళ్ళింట్లో తీరా తెరిస్తే ఊరగాయ లేదు. అన్నీ శుభలేఖలు. మూలమూలకీ పసుపు పూసి ఉండాది. ఎవరివో ఏమో. నువ్వైతే ఏం చేస్తావు?”

“దాని మీద ఫోన్ నంబరు ఉంటాది గదా!”

“అదే చేస్తి. పెళ్ళికూతురి నాయన ఎత్తినాడు. ‘అయ్యా, మీ శుభలేఖలు నా దగ్గర ఉండాయి’ అంటి. కొంచేపు సద్దు లేదు. తర్వాత ‘స్వామీ, మీ ఊరగాయ నా దగ్గరుంది. మూత సరిగ్గా పెట్టలేదు మీరు’ అన్నాడు. బస్టాండులో కలిసి సంచులు మార్చుకుంటిమి. పోతా పోతా ఒక శుభలేఖ తీసి, నా పేరు అడిగి రాసి, చేతిలో పెట్టి, తప్పకుండా రావాలన్నాడు. ఎవరైనా ఇంటికొచ్చి పిలిస్తే పెళ్ళికి పోతారు. నేను ఫోన్ చేసి మరీ పిలిపించుకున్నా.”

నిమిషం పట్టదు. మొదటిసారి ఆయన చంద్రగిరి ట్రాఫిక్కు దగ్గరికి రావడానికే అంతకన్నా ఎక్కువ పట్టింది.

మీ కథను కూడా ఇలా చూసుకోవాలంటే ఫోన్‌లో వాయిస్ రికార్డు పెట్టి ఒకసారి చెప్పండి. వినేటప్పుడు ఒక్కటే గమనించండి, మలుపు ఎక్కడ వచ్చిందని. సగం దాటాక వస్తే ముందు భాగంలో కొయ్యండి. రాసి బట్టీ పట్టొద్దు. మొదటి వాక్యం, చివరి వాక్యం రెండే గుర్తుంచుకుని మధ్యలోది ప్రతిసారీ అప్పటికప్పుడు చెప్పాలి, లేకపోతే ఒప్పజెప్పినట్టుంటుంది.

ఇద్దరూ ఉన్నప్పుడు

ఒక కథ తెలిసిన ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే వచ్చే చిక్కు వేరు. చిన్నాన్న ‘పొద్దున ఎనిమిదింటికి’ అంటే చిన్నమ్మ ‘ఎనిమిదెక్కడ, తొమ్మిదిన్నర’ అంటుంది. ఇద్దరూ గడియారం దగ్గర ఆగిపోతారు, వచ్చినవాళ్ళు కాఫీ తాగేసి లేస్తారు. దీనికి దారి, గొడవొచ్చే వివరాన్ని అసలు చెప్పకపోవడం. టైమ్ చెప్పకపోతే దిద్దడానికి ఏమీ ఉండదు. ఇంకా మంచి దారి ఆమెకు ఒక మాట అప్పగించడం. ఫోన్‌లో ఆ పెద్దాయన అన్న మాటను ఇప్పుడు చిన్నమ్మే ఆయన గొంతుతో చెబుతుంది, చిన్నాన్న అక్కడికి రాగానే ఆగి ఆమె వైపు చూస్తాడు. ఆమె చెప్పే ‘మూత సరిగ్గా పెట్టలేదు మీరు’లో భర్త మీద చిన్న చురక కూడా ఉంటుంది కాబట్టి అది ఇంకా బాగా పేలుతుంది. చివరి మాట మాత్రం ఎవరిదో ముందే అనుకోవాలి, ఇద్దరూ దాని మీద పడితే ఎవరికీ దక్కదు.

ఈ పద్ధతి పనికిరాని చోట్లు

ఆప్తులు పోయినవాళ్ళు ఆ చివరి రోజు గురించి చెబుతుంటే వాళ్ళు బుధవారమా గురువారమా అని ఎంతసేపు వెతుక్కున్నా వెతుక్కోనివ్వాలి. అక్కడ ‘ఇంతకీ’ అనకూడదు. రాత్రి మంచాలు వేసుకుని పడుకున్నాక పెద్దవాళ్ళు చెప్పే పాత సంగతులకూ కత్తెర పట్టకండి. అక్కడ పాలాయన అల్లుడు కూడా కథే, ఎవరికీ తొందర లేదు.

పోలీస్ స్టేషన్లోనో, డాక్టరు ముందో అయితే దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ మలుపు దాచకూడదు. ‘సంచి పోయింది’ అనో ‘నొప్పి ఇక్కడ’ అనో అసలు సంగతి మొదటి మాటలోనే చెప్పెయ్యాలి. ఆ తర్వాత ఏ రోజు, ఎన్నింటికి, పొద్దున ఏం తిన్నారు, ఏ బస్సు, ఏ ఊరు దాటాక సీటు దొరికింది, అన్నీ వరసగా కావాలి. అలాంటి చోటికి మా ఇంట్లో చిన్నాన్ననే పంపిస్తాం.